మిరప తోటలో ఒక్క ఫొటో, వీడియో కాల్: మూడు పంటకాలాల తరువాత నా అభిప్రాయం

రెండెకరాల మిరప తోటలో తెగులు కనిపించినప్పుడల్లా ఫోన్‌తో సలహా అడగడం నాకు మూడు పంటకాలాలుగా అలవాటు. మొదటి ఏడాది ఒక ఫొటో తీసి పంపేవాడిని. తరువాత మా ప్రాంతపు ఉద్యాన అధికారిణికి వీడియో కాల్ చేసి, కెమెరాను నేరుగా మొక్క వైపు తిప్పడం మొదలుపెట్టాను. ఈ రెండింటికీ మధ్య ఉన్న తేడా బొమ్మ నాణ్యతకు సంబంధించినదని మొదట్లో అనుకున్నాను. అసలు తేడా అది కాదని ఒక పొరపాటు వల్ల తెలిసింది.

నారు నాటిన నలభై అయిదు రోజులకు కొన్ని మొక్కల చిగురాకులు ముడుచుకున్నాయి. నిలబడిన చోటి నుంచే, పై నుంచి ఒక ఫొటో తీసి మందుల దుకాణం అతనికి పంపాను. ‘అన్నా, ఇది తామర పురుగే’ అని అతను వెంటనే మందు చెప్పాడు. అతన్ని నేను పూర్తిగా తప్పు పట్టలేను, ఎందుకంటే ఆ ఫొటోలో ముడత ఉన్నదని తెలుస్తుందే గాని, ఆకు అంచులు ఏ వైపుకు తిరిగాయో తెలియదు. మిరపలో నిర్ణయమంతా అక్కడే ఉంది. తామర పురుగు రసం పీల్చితే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, దానిని పై ముడత అంటాము. తెల్లనల్లి ఆశిస్తే అంచులు కిందికి తిరిగి, ఆకు తిరగేసిన పడవలా మారుతుంది, కాడ సాగుతుంది, అది కింది ముడత. రెండింటికీ మందులు వేరు. పిచికారీ చేసిన వారం రోజులకు కూడా కొత్త చిగుళ్లు అదే విధంగా ముడుచుకుంటూ వచ్చాయి. మందు ఖర్చు, కూలి రెండూ పోయాయి.

ఎనిమిదో రోజు ఉదయం అధికారిణికి వీడియో కాల్ చేశాను. ఆమె ముందుగా మందు పేరు అడగలేదు. ‘ఆకు తిప్పి అడుగు భాగం చూపించండి’ అన్నారు. తరువాత కాడను, పక్క సాలులోని మొక్కను, గట్టు దగ్గరి మొక్కను చూపించమన్నారు. ఒక పూవును తెల్ల కాగితం మీద దులపమన్నారు. 2021లో మిరప తోటలను దెబ్బతీసిన నల్ల తామర పురుగు పూలలోనే ఎక్కువగా ఉంటుంది కాబట్టి, అది ఉంటే కాగితం మీద నల్లటి సన్నని పురుగులు పాకుతూ కనిపించాలి. ఒక్కటి కూడా రాలేదు. ఆకులు కిందికి తిరిగి ఉండటం, కాడలు సాగి ఉండటం చూసి అది తెల్లనల్లి అని ఆమె తేల్చారు, నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాముల చొప్పున, ఎండ తగ్గాక, ఆకుల అడుగు భాగం తడిసేలా కొట్టమన్నారు. తరువాత వచ్చిన చిగుళ్లు మామూలుగా విచ్చుకున్నాయి.

నాకు అమితమైన సంతోషం కలిగించింది ‘ఆకు తిప్పండి’ అన్న ఆ ఒక్క మాట. ఫొటోలో ఏమి చూపించాలో నేను నిర్ణయించాను, కాని ఏది ముఖ్యమో నాకు తెలియదు. కాల్‌లో మాత్రం తెలిసినవారే నా చేతిని నడిపించారు. అప్పటి నుంచి ఫొటో దండగ అని అందరికీ చెబుతూ వచ్చాను.

ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. తెల్లనల్లి మిల్లీమీటరులో అయిదో వంతు మాత్రమే ఉంటుంది. ఆ రోజు పది రెట్ల భూతద్దంలో కదిలే చుక్కలను నేను కళ్లతో చూశాను గాని, భూతద్దం ముందు ఫోన్ పెట్టినప్పుడు ఆమెకు తెల్లటి మసక తప్ప మరేమీ కనిపించలేదు. సిగ్నల్ తగ్గితే కాల్‌లో బొమ్మ ఇంకా పలచబడుతుంది, ఆకును కెమెరాకు మరీ దగ్గరగా తెస్తే ఫోకస్ కుదరదు. మరుసటి ఏడాది పండు కాయల మీద మచ్చలు వచ్చినప్పుడు వీడియోలో అవి ఎండదెబ్బ మరకల్లాగే కనిపించాయి. అప్పుడు కాయను నీడలో పెట్టి, ఒక జానెడు దూరం నుంచి ఫొటో తీసి, పరిమాణం తగ్గకుండా డాక్యుమెంట్‌గా పంపాను. ఆమె దానిని పెద్దది చేసి, మచ్చలో వలయాలుగా ఉన్న నల్లటి చుక్కలను చూసి కాయకుళ్లు తెగులని చెప్పారు. పైగా ఫొటో తేదీతో సహా మిగులుతుంది కాబట్టి, మందు కొట్టిన అయిదో రోజున అదే కొమ్మను పోల్చి చూసుకోవచ్చు. కాల్ ముగిశాక నా దగ్గర ఏమీ మిగలదు.

ఇప్పుడు నేను ముందు కాల్ చేసి, ఆమె అడిగిన చోటును ఆ తరువాత ఫొటో తీసి పంపుతున్నాను. ఇది నాకు కుదరడానికి కారణాలు ఉన్నాయి. ఆమె ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య ఫోన్ ఎత్తుతారు, మా తోటలో తూర్పు గట్టు మీద సిగ్నల్ అందుతుంది. సిగ్నల్ లేని తోటవారు, కాల్ ఎత్తే మనిషి లేనివారు ఫొటోల మీదే ఆధారపడాలి. అలాంటప్పుడు ఒక్కటి సరిపోదు: ఆకు పైభాగం, అడుగు భాగం, పక్క నుంచి కాడతో సహా చిగురు, మొత్తం మొక్క, ఇలా నాలుగు పంపండి. నేను ఆ రోజు పక్క నుంచి ఒక ఫొటో తీసి ఉన్నా ముడత ఏ వైపుదో దుకాణం అతనికి తెలిసి ఉండేది.