జవాబు లేఖల పరిశీలన సేవ: ప్రశ్నలు అడిగినంతవరకు బాగుంది

పీర్ రివ్యూయర్ల వ్యాఖ్యలకు రాసిన జవాబు లేఖను జర్నల్ ఎడిటర్‌కు పంపేముందు సరిచూసి ఇచ్చే ఒక సేవను కొన్నేళ్లుగా డబ్బు కట్టి వాడుతున్నాను. ధర, గడువు వారి సైటులోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. పని రెండు దశల్లో జరుగుతుంది. మొదట ఒక సంపాదకురాలు వాక్యం వాక్యం చదివి మార్జిన్‌లో ప్రశ్నలు వేస్తారు. తరువాత మరొకరు లేఖ మొత్తాన్ని మర్యాద కోసం దిద్దుతారు. ఆ రెండో దశ మీద నా కోపం ఇంకా చల్లారలేదు.

మొదటి దశను మాత్రం మనసారా మెచ్చుకుంటాను. "సవరించాము" అని రాసిన ప్రతిచోటా ఆవిడ "ఏ ఫైలులో, ఏ లైనులో?" అని అడుగుతారు. మార్పులను గుర్తులతో చూపే ప్రతిలో కొట్టివేసిన వాక్యాలు కూడా చోటు తీసుకుంటాయి కనుక, దాని లైన్ నంబర్లు మామూలు ప్రతితో కలవవు. ఇచ్చిన నంబర్లు ఏ ప్రతివో లేఖ మొదట్లోనే చెప్పకపోతే రివ్యూయర్ వెతికి వెతికి విసుగెత్తిపోతారు. ఒకసారి మా సహరచయిత "ఈ సంగతి పద్ధతుల విభాగంలో ముందే ఉంది" అని రాస్తే, దాన్ని "ఈ వివరం స్పష్టంగా కనబడనందుకు చింతిస్తున్నాము, ఇప్పుడు పద్ధతుల విభాగం మొదటి పేరాలోకి తెచ్చాము" అని మార్చమని సూచించారు. రివ్యూయర్ సరిగా చదవలేదన్న నింద పోయింది, చేసిన పని మిగిలింది.

ఇక అసలు గొడవ వేరుశనగ వ్యాసంతో వచ్చింది. మాది స్ప్లిట్ ప్లాట్ ప్రయోగం: మూడు రకాల నీటి తడులు ప్రధాన మళ్లకు, నాలుగు జిప్సం మోతాదులు వాటిలోని ఉపమళ్లకు, మూడు రెప్లికేషన్లు, మొత్తం 36 ఉపమళ్లు. తడుల ప్రభావాన్ని 4 డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మాత్రమే ఉన్న ఎర్రర్‌తో ఎందుకు పరీక్షించారు, మామూలు ఫ్యాక్టోరియల్ విశ్లేషణలో 22 వస్తాయి కదా అని రెండో రివ్యూయర్ అడిగారు. తడులను ఉపమడి ఉపమడికీ విడిగా కాక ప్రధాన మడి మొత్తానికి ఒకేసారి కేటాయించాము కనుక, ఆ పోలికకు ప్రధాన మళ్ల మధ్య తేడాయే కొలబద్ద. ఐదు శాతం స్థాయిలో దాటవలసిన ఎఫ్ విలువ 4 డిగ్రీలకు 6.94, 22 డిగ్రీలకు 3.44. అంటే ఆయన చెప్పినట్లు చేస్తే హద్దు సులువవుతుంది, లేని ప్రభావం ఉన్నట్లు కనబడే ప్రమాదం పెరుగుతుంది. అందుకని మేము "విశ్లేషణను మార్చలేదు" అని కారణంతో సహా రాశాము.

రెండో దశలో ఆ వాక్యం కటువుగా తోచినట్లుంది. "రివ్యూయర్ అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాము, విశ్లేషణను పునఃపరిశీలించాము" అయి కూర్చుంది. మొదటి దశ మార్పులన్నీ రంగుల్లో కనిపిస్తాయి. రెండో దశ తరువాత వచ్చేది గుర్తులేమీ లేని "తుది ప్రతి". అదే జర్నల్‌కు వెళ్లింది. ఎడిటర్ నుంచి వచ్చిన ప్రశ్న న్యాయమైనదే: ఏకీభవించారు సరే, పట్టికలో అంకెలు ఎందుకు మారలేదు? అప్పుడు వర్డ్‌లోని Compare తో రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టి చూస్తే, అలాంటి "ఏకీభవిస్తున్నాము"లు మరికొన్ని బయటపడ్డాయి.

తిరిగి రాసిన జవాబులో మర్యాదను దానికి తగిన చోట పెట్టాము: "ఏ ప్రభావాన్ని ఏ ఎర్రర్‌తో పరీక్షించామో పట్టిక కింద విడిగా చెప్పలేదు కనుక ఈ సందేహం సహజం, ఇప్పుడు చేర్చాము. అయితే తడులను ప్రధాన మళ్లకు కేటాయించినందున విశ్లేషణను యథాతథంగా ఉంచాము. ప్రధాన మళ్ల పోలికలో కచ్చితత్వం తక్కువన్న పరిమితిని చర్చలో ప్రస్తావించాము." రివ్యూయర్ దాన్ని అంగీకరించారు. ఈలోగా అదనంగా ఒక రౌండు నడిచిపోయింది.

ఇంతకుముందు అడిగినవారందరికీ ఈ సేవ "కళ్లు మూసుకుని తీసుకోవచ్చు" అని చెప్పేవాడిని. ఇప్పుడు ఆ మాట మొదటి దశకే వర్తిస్తుందని చెబుతున్నాను. అక్కడ కూడా ఆవిడ సబ్జెక్టు మనిషి కారు, గణాంకాల తప్పును పట్టుకోరు. మాకు పక్క గదిలోనే స్టాటిస్టిక్స్ తెలిసినవారు ఉన్నారు కాబట్టి సరిపోతోంది. ఒంటరిగా పనిచేసే పరిశోధక విద్యార్థికి సరిపోకపోవచ్చు. రివ్యూయర్ మీద మండిపడుతూ లేఖ రాసే అలవాటున్నవారికి రెండో దశ కూడా మేలు చేయవచ్చునేమో, గుర్తులు పెట్టిన ప్రతి ఇస్తామని ముందే ఒప్పుకుంటే. నేను అడిగితే అది తమ పద్ధతి కాదన్నారు, అందుకని దానికి డబ్బు కట్టడం మానేశాను.