ఫోటోకి ఒకటే రేటా, వాడకాన్ని బట్టి లైసెన్సా: ఏది మేలు?

గుంటూరులో పచ్చళ్లు, కారప్పొడులు చేసి అమ్మే చిన్న సంస్థ ఒకటి ఉందనుకుందాం. ఎనిమిది రకాల సరుకుకి ఫోటోలు కావాలని విజయవాడ ఫోటోగ్రాఫర్‌కి ఫోన్ చేశారు. మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "మొత్తం ఎంతవుతుందండీ?"

దీనికి రెండు రకాలుగా జవాబు చెప్పొచ్చు. "35,000 ఇవ్వండి, ఫోటోలు మీవే, ఎక్కడైనా వాడుకోండి" అనేది మన దగ్గర అలవాటైన పద్ధతి. "షూట్‌కి ఇంత, ఆ ఫోటోలని ఎక్కడ, ఎంతకాలం, ఏ ప్రాంతంలో వాడతారో దాన్ని బట్టి లైసెన్స్‌కి ఇంత" అనేది రెండోది. ప్రకటనల ఫోటోగ్రఫీలో పెద్ద నగరాల్లో ఇది మామూలే కానీ, బందరు రోడ్డులో కూర్చుని ఈ మాటంటే అవతలి మనిషి ముఖం మారిపోతుంది. "డబ్బులిచ్చి తీయించుకున్న ఫోటోకి మళ్లీ అద్దె ఏంటండీ?" అంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి సరైన జవాబు కూడా ఉంది. ముందు చట్టం సంగతి చూద్దాం. ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ సలహాలు మన దగ్గర బెడిసికొట్టేది అక్కడే.

అమెరికాలో సొంతంగా పనిచేసే ఫోటోగ్రాఫర్ తీసిన ఫోటో మీద హక్కు మామూలుగా ఫోటోగ్రాఫర్‌దే. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17 కూడా తీసినవాడే మొదటి హక్కుదారు అంటుంది కానీ, వెంటనే ఒక మినహాయింపు పెట్టింది. ఎవరైనా అడిగి, ప్రతిఫలం ఇచ్చి ఫోటో తీయిస్తే, వేరే ఒప్పందం లేనంతవరకు ఆ తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. అంటే ఏ కాగితమూ లేకుండా 35,000 తీసుకుని షూట్ చేస్తే, ఆ ఎనిమిది ఫోటోల కాపీరైట్ పచ్చళ్ల సంస్థదే. ఏడాది తర్వాత ఆ ఫోటో బెంజ్ సర్కిల్ దగ్గర హోర్డింగ్ మీద కనిపించి ఫోటోగ్రాఫర్ వెళ్లి అడిగినా, అడగడానికి హక్కు ఉండదు.

అందుకే లైసెన్స్ పద్ధతికి వెళ్లాలంటే షూట్‌కి ముందే ఒక వాక్యం రాసి సంతకం చేయించుకోవాలి: "ఈ ఫోటోల కాపీరైట్ ఫోటోగ్రాఫర్ దగ్గరే ఉంటుంది, కింద రాసిన వాడకానికి మాత్రమే లైసెన్స్ ఇస్తున్నాం." ముందే అని ఎందుకంటున్నానంటే, షూట్ అయిపోయాక హక్కు అప్పటికే వాళ్లదైపోతుంది. దాన్ని వెనక్కి రాయించుకోవాలంటే వాళ్లే ఫోటోగ్రాఫర్‌కి సంతకంతో బదిలీ చేయాలి. అంత కష్టం ఎవరు పడతారు? అడ్వాన్స్ తీసుకునే రోజే కొటేషన్ మీద సంతకం తీసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇక డబ్బు లెక్క. ఈ అంకెలు పద్ధతి అర్థం కావడానికి వేసుకున్నవే, మార్కెట్ రేట్లు కావు. ఒక రోజు షూట్, లైట్లు, అసిస్టెంట్, ఎడిటింగ్ కలిపి 20,000 అనుకుందాం. ఇది పనికి కూలి, ఏ పద్ధతిలోనైనా ఇచ్చేదే. ఒకటే రేటు చెప్పే ఫోటోగ్రాఫర్ దీని మీద ఇంకో 15,000 వేసి 35,000 అంటాడు. ఆ 15,000 ఒక ఊహ. ఈ సంస్థ పెరుగుతుందో, ఆరు నెలల్లో మూతపడుతుందో అతనికి తెలియదు, వాళ్లకీ తెలియదు.

లైసెన్స్ పద్ధతిలో ఊహించే పనిలేదు. మొదటి ఏడాది వాళ్లకి కావాల్సింది ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ కేటలాగ్, సొంత వెబ్‌సైట్ అంతే. ఒక సంవత్సరానికి 5,000 వేస్తే మొత్తం 25,000. అంటే కొత్తగా మొదలుపెట్టిన వ్యాపారికి ఒకటే రేటు కంటే 10,000 తక్కువే పడింది. "అద్దె ఏంటండీ" అన్నవారికి చూపించాల్సింది ఈ అంకె. ఆయన వాడుకోని హోర్డింగ్‌కి ఆయన డబ్బులు కట్టడం లేదు.

ఆరు నెలలకి సరుకు బాగా కదిలి, ఆవకాయ, గోంగూర సీసాల లేబుల్ మీద అవే ఫోటోలు వేద్దామనుకున్నారు. రెండు ఫోటోలకి, రెండేళ్లకి, దేశం మొత్తానికి 12,000. మొత్తం 37,000 అయింది. తర్వాత అమెరికాలో మనవాళ్ల కిరాణా షాపులకి పంపించే అవకాశం వచ్చింది. అదే లేబుల్, అదే గడువు, ప్రాంతం మాత్రం పెరిగింది కాబట్టి లేబుల్ రేటులో సగం, 6,000. ఇప్పుడు 43,000. దసరాకి విజయవాడ, గుంటూరులో ఒక ఫోటోతో మూడు నెలల హోర్డింగ్‌లకి 8,000 కడితే మొత్తం 51,000.

ఒకటే రేటు కంటే ఇది 16,000 ఎక్కువ. కానీ ఎప్పుడు ఎక్కువైందో చూడండి. లేబుల్ వేసినప్పుడు అమ్మకాలు ఉన్నాయి, హోర్డింగ్ పెట్టినప్పుడు స్థలానికి కట్టే అద్దె ముందు ఈ 8,000 పెద్ద లెక్కలోకి రాదు. వ్యాపారి దగ్గర డబ్బు ఆడుతున్నప్పుడే ఫోటోగ్రాఫర్‌కి అదనంగా వస్తోంది. నా దృష్టిలో ఈ పద్ధతిలో అసలు న్యాయం ఇదే.

అయితే కాగితం మీద తేలిగ్గా కనిపించే ఈ మూడు మాటలు, మాధ్యమం, గడువు, ప్రాంతం, ఆచరణలో తేలిక కాదు. లైసెన్స్ పద్ధతి చెడేది ఎక్కువగా ఇక్కడే.

గడువునే తీసుకోండి. లేబుళ్లు ఒక్కొక్కటిగా వేయించరు, రోల్స్ లెక్కన ఒకేసారి వేయించి పెట్టుకుంటారు. రెండేళ్లు ఎప్పటినుంచి? లేబుల్ లైసెన్స్ తీసుకున్న రోజు నుంచా, మొదటి లేబుల్ ప్రింటయిన రోజు నుంచా? రాయకపోతే ఎవరికి అనుకూలంగా వాళ్లు చెప్పుకుంటారు. "మొదటి ప్రింటింగ్ నుంచి, కానీ లేబుల్ లైసెన్స్ తీసుకున్నాక మూడు నెలలు దాటకుండా" అని రాస్తే ఇద్దరికీ సరిపోతుంది. గడువు అయ్యేసరికి షాపుల్లో ఉన్న సీసాల మాటేంటి? వాటిని వెనక్కి తెప్పించమంటే ఏ వ్యాపారీ సంతకం పెట్టడు. "గడువు ముగిశాక మూడు నెలలు దాటిన తర్వాత ప్యాక్ చేసిన సరుకు మీద ఈ ఫోటో ఉండకూడదు" అని రాయడం మంచిది. ఎందుకంటే ఆహార పదార్థాల ప్యాకెట్ మీద తయారీ లేదా ప్యాకింగ్ తేదీ ఎలాగూ వేస్తారు. ఏ షాపులోనైనా సీసా తిప్పి చూస్తే మాట నిలబెట్టుకున్నారో లేదో తెలిసిపోతుంది. ఎవరినీ అనుమానించి అడగక్కర్లేదు.

సోషల్ మీడియాలో ఇంకోరకం చిక్కు. ఏడాది అయిపోగానే పాత పోస్టులన్నీ తీసేయమంటే గొడవే. పాతవి అలాగే ఉండొచ్చు, కొత్తగా పోస్ట్ చేయకూడదు, డబ్బు కట్టి ప్రకటనగా నడపకూడదు అని రాస్తే సరిపోతుంది. డబ్బు కట్టి నడుపుతున్నారా లేదా అనేది ఆ పేజీ పేరుతో మెటా యాడ్ లైబ్రరీలో వెతికితే కనిపిస్తుంది, అది అందరికీ అందుబాటులో ఉన్నదే.

ప్రాంతం సంగతికొస్తే, ఇన్‌స్టాగ్రామ్ పోస్టుకి సరిహద్దు గీయలేం. గుంటూరులో పెట్టింది డాలస్‌లో కనిపిస్తుంది. అందుకని ప్రాంతాన్ని ఫోటో కనిపించే చోటు మీద కాకుండా, సరుకు అమ్మే చోటు మీద, డబ్బు కట్టిన ప్రకటన ఏ దేశంలోని జనానికి చూపిస్తున్నారనే దాని మీద కట్టాలి. ఇంకో జాగ్రత్త: లైసెన్స్ పచ్చళ్ల సంస్థకే. అమెరికాలో సరుకు తీసుకునే డిస్ట్రిబ్యూటర్ తన కరపత్రాల్లో అదే ఫోటో వేసుకోవాలంటే ఆ మాట విడిగా రాయాలి. ఆన్‌లైన్ అమ్మకాల సైట్లలో పెట్టుకోవడానికి మాత్రం మొదటి నుంచే అనుమతి ఇచ్చేయండి, అది లేకుండా ఈ రోజుల్లో ఎవరూ అమ్మలేరు.

ఇవేవీ రాయకుండా "లైసెన్స్ ఇచ్చాం" అని మాత్రమే రాస్తే? చట్టం ఊరుకోదు, ఖాళీలు తనే నింపుతుంది. సెక్షన్ 19 ప్రకారం గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే దేశం మొత్తం అని అర్థం. ఇది హక్కుల బదిలీకి పెట్టిన నియమమే కానీ, సెక్షన్ 30ఏ దాన్ని లైసెన్సులకీ వర్తింపజేసింది. అంటే ఏడాదికి అనుకుని నోటితో చెప్పి, రాయడం మర్చిపోయిన లైసెన్స్ ఐదేళ్లు నడుస్తుంది. వ్యాపారి వైపు నుంచి చూస్తే, అమెరికా అని రాయించుకోకపోతే ఎగుమతి సీసాల మీద ఆ ఫోటో వేయడం లైసెన్స్ దాటడమే అవుతుంది. ఖాళీ వదిలేస్తే ఇద్దరికీ నష్టమే.

ఇంత చెప్పాక కూడా, ప్రతి పనికీ లైసెన్స్ మేలని నేను అనను. పెళ్లి, ఓణీల ఫంక్షన్, ఇంట్లో పిల్లల ఫోటోలు, వీటికి ఒకటే రేటే సరి. అక్కడ వాడకం కుటుంబానిది, దాన్ని మాధ్యమాల కింద చీల్చడం బాగుండదు. బీసెంట్ రోడ్డులో బట్టల షాపు వాళ్లు వారం వారం కొత్త సరుకు ఫోటోలు తీయించుకుంటారు, రెండు నెలలకి ఆ చీరలే ఉండవు. అలాంటి ఫోటోకి గడువు లెక్కపెట్టడం వృథా శ్రమ. వాళ్లకీ ఒకటే రేటు చెప్పొచ్చు, కాకపోతే "సోషల్ మీడియాకి, షాపు లోపల ఫ్లెక్సీలకి మాత్రమే" అని ఒక్క ముక్క రాసి, హక్కు ఫోటోగ్రాఫర్‌దే అన్న వాక్యం చేర్చి సంతకం తీసుకుంటే చాలు.

లేబుల్, హోర్డింగ్, ఎగుమతి, ఈ మూడింట్లో ఏ ఒక్కటి వచ్చే అవకాశం ఉన్నా మాత్రం లైసెన్స్ పద్ధతే మేలు. ఫోటోగ్రాఫర్‌కే కాదు, మొదటి ఏడాది చేతిలో డబ్బు లేని వ్యాపారికి కూడా. ఇక "ఈ లెక్కలన్నీ మాకొద్దండీ, శాశ్వతంగా మొత్తం రాసిచ్చేయండి" అనేవాళ్లు ఉంటారు. వాళ్లకి కాదనక్కర్లేదు. కానీ దాని రేటు 35,000 కాదు. పై ఉదాహరణలో రెండు మూడేళ్ల వాడకానికే 51,000 అయింది, మొత్తం రాసిచ్చేస్తే ఆ తర్వాత రెన్యువల్స్ ఉండవు, అదే ఫోటోగ్రాఫర్ వాటిని ఇంకెవరికీ ఇవ్వలేడు. కాబట్టి ఆ మాట వచ్చినప్పుడు 80,000 దగ్గర మొదలుపెట్టి మాట్లాడటం నాకు సబబుగా తోస్తుంది. అదే కొటేషన్‌లో పక్కనే 25,000 లైసెన్స్ లెక్క కూడా రాసి పంపితే, ఏది కావాలో ఆయనే తేల్చుకుంటాడు.