6013, 7018 వెల్డింగ్ రాడ్లు: ఏడేళ్ల వాడకం తర్వాత

ఆమదాలవలస దగ్గర మా వెల్డింగ్ షెడ్డు పెట్టి ఏడేళ్లయింది. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీల రిపేర్లే మా పని. మొదటి మూడేళ్లూ అన్నింటికీ 6013 రాడ్డే వాడాను. తాకించగానే అంటుకుంటుంది, వెల్డు మీద గట్టిపడే స్లాగ్ సుత్తి తగిలితే పెచ్చులా ఊడిపోతుంది, వెల్డు నున్నగా కనిపిస్తుంది. ఆ నునుపు చూసే నేను మోసపోయాను.

ఒక వేసవిలో ఇటుకలు మోసే ట్రాలీని ట్రాక్టర్‌కి తగిలించే డ్రాబార్ వచ్చింది. 12 ఎం.ఎం. ప్లేటు, పాత అతుకు పక్కన పగులు. పైపైన గ్రైండర్ పట్టి, 3.15 ఎం.ఎం. సైజు 6013తో రెండు వరసలు వేసి పంపేశాను. నెల తిరక్కుండానే రైతు మళ్లీ వచ్చాడు. "ఏటి బాబూ, నువ్వేసిన కాడే ఇరిగిపోనాది!" అన్నాడు. విరిగిన అంచు చూస్తే పైన మూడు ఎం.ఎం. మందమే కొత్త లోహం మెరుస్తోంది. దాని కింద నల్లటి స్లాగ్ గీత, ఇంకా అడుగున పాత పగులు తుప్పుతో సహా అలాగే ఉంది. 6013 అంత లోతుకు కరిగించదు. వీ గాడి తియ్యకుండా దాన్ని వాడటం నా తప్పు.

రెండోసారి రెండు వైపులా గాడి తీసి, మధ్యలో సుమారు 3 ఎం.ఎం. సందు ఉంచాను. హోల్డర్‌ని ప్లస్‌కి పెట్టి, 2.5 సైజు 7018తో 85 ఆంప్స్ దగ్గర అడుగు వరస వేశాను. వెనక నుంచి మెరిసే లోహం తేలేదాకా గ్రైండ్ చేసి, 3.15 రాడ్డుతో 120 ఆంప్స్ దగ్గర రెండు వైపులా నింపాను. ప్రతి వరసకీ స్లాగ్ పూర్తిగా తీశాను. నాలుగేళ్లయినా ఆ డ్రాబార్ తిరుగుతూనే ఉంది.

అలాగని 7018 సుఖపెట్టే రాడ్డేం కాదు. ఆపి మళ్లీ అంటిద్దామంటే కొసన గాజులాంటి పూత అడ్డుపడుతుంది, దాన్ని గరుకు నేల మీద రాసి కొట్టాలి. అందుకే ముక్కల్ని నిలబెట్టే చిన్న చిన్న టాకులు పెట్టాలంటే విసుగు. ఆర్క్ కాస్త పొడవైనా వెల్డు మొదట్లో సూదిబెజ్జాలు పడతాయి. మా పాత ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ మీద అసలు నిలవనే లేదు, ఇన్వర్టర్ కొన్నాకే దారికొచ్చింది.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి తేమ. శ్రావణంలో విప్పిన ప్యాకెట్ రెండు రోజులుంటే చాలు, రాడ్డు చిటపటమంటుంది, వెల్డులో గుల్లలొస్తాయి. అలాంటి 7018ని మళ్లీ వాడాలంటే 300 డిగ్రీల పైన గంటైనా కాల్చాలి, ఎండలో పెడితే లాభం లేదు. మాకు అంత ఓవెన్ లేదు కాబట్టి చిన్న సీల్డ్ ప్యాకెట్లే కొంటాను. మిగిలినవి గేటు పనికే తప్ప డ్రాబార్‌కి ముట్టుకోను.

పల్చటి పైపు గ్రిల్స్‌కి మాత్రం ఇప్పటికీ 6013యే, 2.5 సైజు, 70 ఆంప్స్.