పెళ్లి ఆల్బమ్‌లో కళ్ల రంగు మార్పిస్తున్నారా? ప్రింటుకు ఒప్పుకునే ముందు జాగ్రత్త

పెళ్లి ఆల్బమ్ ప్యాకేజీలలో ‘ఐ కలర్ ఎన్‌హాన్స్‌మెంట్’ అనే పేరుతో ఒక అదనపు పద్దు కనిపిస్తే దయచేసి ఆగి ఆలోచించండి. పెళ్లికూతురి క్లోజప్ ఫోటోలలో కళ్లను తేనె రంగులోకో, ఆకుపచ్చ కలిసిన లేత గోధుమ రంగులోకో మారుస్తామని చెప్పి, ఫోటోకు ఇంత అని విడిగా తీసుకుంటారు. మా చెల్లెలి పెళ్లి ఆల్బమ్‌కు ఆ డబ్బు కట్టి, చివరకు చూడలేని ఫోటోలు ఇంటికి తెచ్చుకున్నాము. ఆ స్టూడియో పేరు ఇక్కడ రాయడం లేదు. ఎక్కడ చేయించుకున్నా ఇదే పొరపాటు జరిగే అవకాశం ఉంది కనుక, జరిగినదేమిటో, దాన్ని ప్రింటుకు ముందే ఎలా గుర్తించవచ్చో వివరంగా రాస్తున్నాను.

వాటిలో ఒక ఫోటో పెళ్లికూతురిని చేసిన రోజు ఉదయం, ఎడమ పక్కన ఒకే ఒక సాఫ్ట్‌బాక్స్ లైటు పెట్టి తీసినది. చెల్లెలి కళ్లు ముదురు గోధుమ రంగువి. రంగు మార్చిన నమూనాను స్టూడియోవారు వాట్సాప్‌లో పంపారు, ఇంట్లో అందరమూ చూసి బాగుందనే అన్నాము. ఆల్బమ్ వచ్చాక ఆ పుట తెరిస్తే చెల్లెలి ముఖం చెల్లెలిలా లేదు. చూపు ఎవరి మీదా నిలవనట్టు, కళ్లలో జీవం లేనట్టు ఉంది. ఈ తేడాకు కారణం కొలతలోనే ఉంది. పెద్దవారి కంటిలో రంగు ఉండే వలయం, అంటే ఐరిస్, అడ్డంగా సుమారు 12 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎదురెదురు పుటలు రెండూ కలిసి 12 అంగుళాల ఎత్తు, 36 అంగుళాల వెడల్పు ఉన్న స్ప్రెడ్‌లో నుదుటి నుంచి గడ్డం దాకా పుట నిండా ముఖం వేసినప్పుడు, ముఖం అసలుకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు పెరిగి, ఐరిస్ 18 మిల్లీమీటర్లవుతుంది. అదే స్ప్రెడ్ మొత్తాన్ని నిలువుగా పట్టుకున్న ఫోన్ తెరపై చూస్తే ఐరిస్ రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అంత చిన్న చుక్కలో రంగు మారిందని మాత్రమే తెలుస్తుంది, ఆ రంగు ఎలా వేశారో తెలియదు. పైగా వాట్సాప్ మామూలుగా పంపే ఫోటోను కుదించి పంపుతుంది కాబట్టి, మిగిలిన కొద్దిపాటి వివరమూ అక్కడే పోతుంది.

రంగు మార్చిన కళ్లు ఎందుకు అతికించినట్టు కనిపిస్తాయో అర్థం కావాలంటే, ముందు అసలు కంటికి రంగు ఎలా వస్తుందో చూడాలి. ముదురు గోధుమ కళ్లలో ఐరిస్ ముందు పొరలో మెలనిన్ అనే రంగుపదార్థం ఎక్కువగా ఉండి, పడిన వెలుగులో చాలా భాగాన్ని అదే పీల్చుకుంటుంది. అందుకే మామూలు ఫోటోలో అలాంటి కన్ను దాదాపు ఒకే నిండు ముదురు రంగులో కనిపిస్తుంది, లోపలి పోగులు బయటపడవు. లేత రంగు కళ్లలో మెలనిన్ తక్కువ కనుక, కంటి నడుమ నల్లగా కనిపించే కంటిపాప చుట్టూ నుంచి అంచుదాకా కిరణాల్లా సాగే పోగులు, వాటి మధ్య చిన్న చిన్న గుంటలు స్పష్టంగా కనిపిస్తాయి. ఆకుపచ్చకుగాని నీలానికిగాని కంటిలో వేరే రంగుపదార్థం ఏదీ లేదు. మెలనిన్ తక్కువగా ఉన్న పొరలో వెలుగు చెదరడం వల్ల ఆ రంగులు కలుగుతాయి. అందుకే లేత కంటిలో రంగు ఎక్కడా ఒకే తీరుగా ఉండదు. చాలా కళ్లలో పాప పక్కన పసుపు కలిసిన గోధుమ ఛాయ, దాని వెలుపల లేత రంగు, చిట్టచివర ముదురు అంచు ఉంటాయి. ముదురు కన్ను లేత కన్నుగా కనిపించాలంటే రంగు ఒక్కటి మారితే చాలదు. ఆ ఫోటోలో కెమెరా పట్టుకోని పోగులు, ఛాయలు కూడా కనిపించాలి. సమస్య అంతా ఇక్కడే మొదలవుతుంది.

మా ఫోటోలో ఆపరేటర్ ఏమి చేశాడో తరువాత మరొక రీటచ్ పనివారి దగ్గర ఫైలు తెరిపించి చూశాము. ఫోటోషాప్‌లో ఫోటో పైన లేయర్ అనే కొత్త పొర పరిచి, దాని మీద ఆకుపచ్చ రంగు వేసి, అది కింది ఫోటోతో కలిసే తీరును, అంటే బ్లెండ్ మోడ్‌ను, ‘కలర్’ అని పెడితే, కింద ఉన్న వెలుగునీడలు అలాగే ఉండి రంగు మాత్రమే మారుతుంది. పద్ధతిగా అది సరైనదే. అయితే సున్నా నుంచి 255 దాకా ఉండే కొలతలో చెల్లెలి ఐరిస్ అసలు ఫోటోలో ఎరుపు 58, ఆకుపచ్చ 36, నీలం 26 దగ్గర ఉంది. కంటికి ఏ రంగు ఎంత వెలుగుగా తోస్తుందో ఆ పాళ్లలో మూడింటినీ కలిపి వెలుగు లెక్క కడితే 255కు సుమారు 42 వస్తుంది. అంత చీకటి మీద ఏ రంగు వేసినా సరిగా కనిపించదు. కనిపించాలని ఆపరేటర్ ‘స్క్రీన్’ మోడ్‌లో ఇంకొక లేయర్ వేసి ఐరిస్ మొత్తాన్ని ఒకే స్థాయిలో పైకి లేపాడు. మార్చిన ఫైలులో అదే చోట విలువలు 128, 134, 92 అయ్యాయి, అంటే వెలుగు 42 నుంచి 128కి చేరింది. అసలు ఫోటోలో ఐరిస్ అంతటా కలిపి వెలుగులో కొద్దిపాటి మెట్ల తేడా మాత్రమే ఉన్నప్పుడు, దాన్ని ఇంతగా లేపితే కొత్త వివరం పుట్టదు. ఉన్న గరుకుతనం, జేపెగ్ కుదింపు వల్ల ఏర్పడే గళ్లు పైకి తేలతాయి, వాటిని దాచడానికి నున్నగా చేస్తే ఐరిస్ గోడకు సున్నం వేసినట్టు చదునైపోతుంది. మాకు వచ్చిన ప్రింటులో ఉన్నది సరిగ్గా ఆ చదునే.

దానికి తోడు పాప సంగతి. కంటి నడుమ ఉండే పాప నిజానికి ఒక రంధ్రం, ఎలాంటి కంటిలోనైనా అది దాదాపు నల్లగానే ఉండాలి. మా ఫోటోలో రంగును పాప మీదికి కూడా పారనిచ్చారు కనుక అది బూడిద కలిసిన ఆకుపచ్చగా మారింది. ముదురు కళ్లలో పాపకు, ఐరిస్‌కు మధ్య గీత సరిగా కనిపించదు కాబట్టి తొందరపడే ఆపరేటర్ ఆ గీతను వెతకడు. కంటిలో మెరిసే తెల్లని వెలుగు చుక్క విషయమూ ఇంతే. అది ఎదుటి లైటు ప్రతిబింబం, ఐరిస్‌కు ముందున్న పారదర్శకమైన పొర, అంటే కార్నియా మీద పడుతుంది కనుక దానికి ఐరిస్ రంగు అంటకూడదు. దానికి ఆకుపచ్చ అంటిన క్షణంలో కంటి తడి పోయి, ప్లాస్టిక్ మెరుపు వస్తుంది.

నా దృష్టిలో అన్నింటికన్నా ఎక్కువ నష్టం చేసినది నీడ పోవడమే. నిజమైన కంటిలో పై రెప్ప, వెంట్రుకల నీడ ఐరిస్ పైభాగం మీద పడి, ఆ భాగం కిందిదానికన్నా ముదురుగా ఉంటుంది. అంతేకాక, పక్కనుంచి వచ్చిన వెలుగు కార్నియాలో వంగి, లైటుకు ఎదుటి వైపున ఐరిస్ మీద చేరుతుంది. అందువల్ల మెరుపు చుక్క ఒక పక్కన ఉంటే, ఐరిస్‌లో కాంతి ఎక్కువగా ఉండే భాగం దానికి ఎదుటి పక్కన ఉంటుంది. చెల్లెలి అసలు ఫోటోలో, లైటుకు ఎదుటి పక్కన కిందివైపు, సన్నని తేనె రంగు వంపు చక్కగా కనిపిస్తుంది. రంగు మార్చినప్పుడు ఆ వంపును, పై నీడను రెండింటినీ చెరిపేసి, పై నుంచి కింది దాకా ఒకే వెలుగు ఇచ్చారు. ముఖం మీద వెలుగు ఒక పక్కనుంచి వస్తుంటే, కళ్లు మాత్రం తమంతట తామే వెలుగుతున్నట్టుగా ఉండడం వల్ల, చూసేవారికి కారణం చెప్పడం రాకపోయినా తేడా మాత్రం వెంటనే తెలుస్తుంది.

కొనేవారు దీన్ని తామే పరీక్షించుకోవడానికి సులువైన మార్గం ఉంది. అసలు ఫోటోను, మార్చిన ఫోటోను పూర్తి సైజులో తెప్పించుకుని, ఫోన్‌లోనే రెండింటినీ బ్లాక్ అండ్ వైట్ చేసి, కంటిని పెద్దది చేసి పక్కపక్కన చూడండి. రంగు తీసేశాక కూడా మార్చిన కంటిలో నల్లని పాప, ముదురు అంచు, పైన రెప్ప నీడ, తెల్లని మెరుపు చుక్క వేరువేరుగా కనిపిస్తే పని బాగానే జరిగినట్టు. వాటి బదులు ఒకే బూడిద రంగు బిళ్ల కనిపిస్తే దాన్ని ప్రింటుకు పంపనివ్వకండి. మా ఫోటోలో కనిపించినది ఆ బిళ్లే.

ఆ రెండో పనివారు కెమెరా తీసిన అసలు రా ఫైలు నుంచి మొదలుపెట్టి మాకు సరిచేసి చూపించారు. రా ఫైలులో చీకటి భాగాల్లో కూడా వివరం ఎక్కువగా నిలిచి ఉంటుంది కాబట్టి, ముందు అక్కడే ఐరిస్‌ను కొద్దిగా వెలిగించారు. పాపను, మెరుపు చుక్కను మాస్క్‌తో, అంటే రంగు అంటకుండా కప్పే ముసుగుతో, పూర్తిగా వదిలేశారు. మాస్క్ అంచును మరీ పదునుగా కాక, ఆ ఫోటోలో ఐరిస్ అంచు ఎంత మెత్తగా ఉందో అంతే మెత్తగా చేశారు. పాప పక్కన ఒక ఛాయ, బయట ఇంకొక ఛాయ వేసి, రంగు లేయర్ బలాన్ని 35 శాతం దగ్గర ఆపారు. పైభాగంలో నీడను ముట్టుకోలేదు. ఫలితంగా వచ్చినది ఆకుపచ్చ కాదు, కొంచెం లేతబడిన తేనె గోధుమ. “ఈ కంటిని ఇంతకన్నా లేతగా చేస్తే అబద్ధం బయటపడుతుందమ్మా” అని ఆయన చెల్లెలితోనే చెప్పారు. ముదురు కళ్లను నీలంగా మార్చాలంటే పోగులను చేత్తో గీయాలి, లేదా ఇంకొకరి కంటి ఫోటో నుంచి తెచ్చి అతికించాలి. అది ఎంత నేర్పుగా చేసినా మీ ఇంటి అమ్మాయి కన్ను కాదు. ఆ పని చేస్తామని సులువుగా ఒప్పుకునే చోట మరింత జాగ్రత్తగా ఉండాలి.

అదే ఆల్బమ్‌లో రాత్రి ఫ్లాష్‌తో తీసిన పిల్లల ఫోటోలకు ఎర్ర కళ్లు సరిచేస్తామని చెప్పి, అడగకుండానే అన్నింటి మీద రెడ్ ఐ టూల్ నడిపారు. ఫ్లాష్ వెలుగు కంటి వెనుక పొరల్లోని రక్తం రంగును తీసుకుని తిరిగి రావడం వల్ల ఆ ఎరుపు వస్తుంది, దాన్ని నలుపు చేయడం తప్పు కాదు. అయితే ఆ పనికి ముందు అసలు ఫోటోలు ఒకసారి చూడవలసింది తల్లిదండ్రులే. ఫ్లాష్ ఫోటోలలో పిల్లల ఒక కంటిలో పాప ఎర్రగానూ, రెండో కంటిలో తెల్లగానూ మెరిస్తే, అది చాలాసార్లు కెమెరా కోణం వల్లనే అయినా, రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్‌కు కూడా అది గుర్తు కావచ్చు. అలాంటి ఫోటోను సరిచేయించకుండా, ఆలస్యం చేయకుండా, కంటి వైద్యులకు చూపించండి.

మీరు ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చి ఉంటే, మార్చని అసలు ఫైళ్లు మీకు ఇవ్వాలని, కళ్లు మార్చిన ప్రతి ఫోటోను ప్రింటు సైజులో చూపించి మీ అంగీకారం రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే ప్రింటుకు పంపాలని ఆర్డర్ కాగితం మీద రాయించండి. వాట్సాప్‌లో పెట్టిన ‘బాగుంది’ అన్న మాటనే అంగీకారంగా చూపించి మా స్టూడియోవారు డబ్బు వెనక్కి ఇవ్వడానికి నిరాకరించారు. బిల్లు, అసలు ఫైలు, మార్చిన ఫైలు దగ్గర ఉన్నవారు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేసుకోవచ్చు, మేమూ అదే చేశాము. రా ఫైళ్లను కొంతకాలం తరువాత చెరిపేసే స్టూడియోలు ఉన్నాయి కనుక, ఆల్బమ్ చేతికి రాకముందే వాటిని మీ హార్డ్ డిస్కులోకి తీసుకోండి. అవి చేతిలో ఉంటే, పాడైన ఫోటోను మరొకరితోనైనా సరిచేయించుకోవచ్చు.