ఉభాలా, ఎదా: ఎకరాకి ఎన్ని బస్తాలు పండితే గిట్టుబాటు?

ఆకుమడి పోసి నారు ఊడ్చే ఉభాలా, నేరుగా విత్తనం చల్లే ఎదా? మా విజయనగరం వైపు వరి వేసేవాళ్ళకి ఏటా ఇదే ప్రశ్న. ఎకరా లెక్క ఒకటి వేసి చూద్దాం. కూలి రేట్లు ఊరిని బట్టి మారతాయి, మీవి వేసుకోండి.

దుక్కి, ఎరువులు, కోత, నూర్పు రెండింటికీ ఒకటే: 20,000 అనుకుందాం. ఉభాలకి ఆకుమడి, విత్తనం, దమ్ము, ఊడ్పు కూలి కలిపి మరో 9,000. పొడి దుక్కిలో ఎద చల్లితే విత్తనం, కలుపు మందు, ఒక కలుపుతీతకి 5,000. మొత్తం 29,000, 25,000.

2025-26లో సాధారణ రకం మద్దతు ధర క్వింటాకి 2,369. 80 కేజీల బస్తా అంటే సుమారు 1,895. ఖర్చుని దీనితో భాగిస్తే ఉభాలకి 15.3 బస్తాలు, ఎదకి 13.2. ఆపైన పండిందే మిగులు.

అంటే ఎదలో దిగుబడి రెండు బస్తాల వరకు తగ్గినా నష్టం లేదు. కానీ తుంగ, ఊద ఎక్కువున్న మడిలో రెండో కలుపుకి 3,500 పోతే, రెండింటి ఖర్చుకీ మధ్య ఉన్న 4,000 తేడా 500కి పడిపోతుంది. అలాంటి మడికి నేనైతే ఉభాలే చేస్తాను. నిలిచిన నీరు కలుపుని అణచిపెడుతుంది.

చాలామంది ఇంటి మనుషుల కూలి రాయరు. తప్పు! ఇద్దరు పది రోజులు గట్ల మీదే ఉంటే, రోజుకి 400 చొప్పున 8,000. అది కలిపితే ఉభాల లెక్క 19.5 బస్తాలకి ఎక్కుతుంది. కౌలు గింజలు ఇంకా వేరు.