ఏళ్లుగా వాడుతున్న క్యాలెండర్ యాప్: అంతా బాగానే ఉంది, ఆ ఒక్క గంట తప్ప

రంగులు, విడ్జెట్లు అందరికీ తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నా కోపమంతా ఒక్కదాని మీదే: రాబోయే కార్యక్రమాన్ని ఈ యాప్ ఏ రూపంలో దాచుకుంటుందన్నది.

మెక్సికో సిటీలోని బృందంతో నాకు తరచూ సమావేశాలుంటాయి. మరుసటి ఏడాదివి కొన్ని 2022 వేసవిలోనే అక్కడి ఉదయం పది గంటలకు నమోదు చేశాను. అదే ఏడాది అక్టోబరు 30 నుంచి మెక్సికో, అమెరికా సరిహద్దు దగ్గరి కొన్ని ఊళ్లు మినహా, వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే వేసవి సమయాన్ని వదిలేసింది. చలికాలమంతా యాప్‌లో ఏ తేడా లేదు. వసంతం వచ్చాక మే 17 సమావేశం అక్కడి తొమ్మిదికి మారిపోయింది. చట్టం మారిన తర్వాత చేర్చిన మే 24 సమావేశం మాత్రం పదికే ఉంది! ఫైలు ఎగుమతి చేసి చూశాను:

```
2023-05-17T10:00:00-05:00
2023-05-24T10:00:00-06:00
```

మొదటి వరుసలోని -05:00 పాత వేసవి ఆఫ్‌సెట్, అంటే ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకీ అక్కడి గడియారానికీ ఉన్న తేడా. యాప్ దాన్ని యూటీసీ 15:00 అని లెక్క కట్టుకుంది. కొత్త నియమం ప్రకారం అక్కడ మేలో కూడా -06:00 కాబట్టి ఆ క్షణానికి అక్కడి గడియారంలో తొమ్మిదే. చలికాలపు ఆఫ్‌సెట్ ముందూ వెనకా -06:00 గానే ఉంది కనుక లోపం అన్ని నెలలు దాగి ఉంది.

నియమం మారాక యాప్ సరిదిద్దుకోవచ్చు కదా అనుకున్నాను. కుదరదు. -05:00 చూసి ఊరు చెప్పలేం: బొగోటాకు ఏడాదంతా అదే, షికాగోకు వేసవిలో అదే. వాటిని కదిలించకూడదు, మెక్సికో సిటీని కదిలించాలి. ఏది ఏదో ఆ వరుసలో లేదు. దాచవలసింది స్థానిక సమయం, ప్రాంతం పేరు:

```
DTSTART;TZID=America/Mexico_City:20230517T100000
```

ఇలా ఉంటే టైమ్‌జోన్ సమాచారం కొత్తది రాగానే (మెక్సికో మార్పు 2022f విడుదలలో వచ్చింది) యూటీసీని మళ్లీ లెక్కించుకోవచ్చు. ఫోనుకు ఆ తాజా సమాచారం అందకపోతే ఇదీ తప్పే చూపిస్తుంది, కానీ అందిన రోజున దానంతట అదే సర్దుకుంటుంది. జరిగిపోయినవాటికి, గ్రహణం లాంటి వాటికి ఆఫ్‌సెట్ చాలు. వాటిని ముందుకూ వెనక్కూ జరపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

కొత్త వెర్షన్ ఊరి పేరు అడిగి దాచుకుంటోంది, మెచ్చుకోవలసిందే. పాత నమోదులను మాత్రం అలాగే వదిలేసింది. నావి చేత్తో దిద్దుకున్నాను. దీని అలారాలు ఎన్నడూ తప్పవని అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు "దాచుకున్న క్షణానికి తప్పవు" అంటున్నాను. వేసవి సమయం లేని చోట, అక్కడివారితోనే పనిచేసేవారికి ఇదంతా అనవసరపు గోల, నిశ్చింతగా వాడుకోవచ్చు. నేను మాత్రం ఏడాది ముందు పెట్టుకునే సమావేశాల కోసం రెండో క్యాలెండర్ కూడా ఉంచుకున్నాను.