రాయగడలో కారుకి ఊఫర్ పెట్టించుకుంటున్నారా? ఫ్యూజ్ ఎక్కడ పెట్టారో చూశాకే డబ్బులివ్వండి

దసరా ముందు రాయగడలో ఒక కార్ యాక్సెసరీస్ షాపులో 12 అంగుళాల ఊఫర్, దానికి ఆంప్లిఫయర్ కొన్నాను. వైరింగ్ కిట్, ఫిటింగ్ కలిపి 18,500 తీసుకున్నారు. షాపు పేరు రాయను, గొడవలు వద్దు. కానీ వాళ్లు చేసిన పని మాత్రం పూర్తిగా చెప్తాను. ఇదే పని ఇంకో నాలుగు షాపుల్లో కూడా ఇలాగే చేస్తుంటారని నా అనుమానం.

మొదటి రోజు నుంచే ఒక కూత ఉండేది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ స్పీకర్లలో సన్నగా ఈల లేచేది, ఇంజిన్ ఆపితే పోయేది. షాపుకి వెళ్తే 600 రూపాయల ఫిల్టర్ వేయించుకోమన్నాడు. బేస్ పెంచితే ఆంప్ మీద ఎర్ర లైటు వెలిగి పాట ఆగిపోయేది. దానికీ ఒక జవాబుంది: "కిచ్ఛి హెబొ నాహి భాయ్, ఏమీ కాదు, వేడికి అలాగే ఉంటుంది." సరే అనుకుని వచ్చేశాను. నాదీ తప్పే.

రెండు నెలల తర్వాత బావ కొడుకు పెళ్లికని పార్వతీపురం బయల్దేరాం. ఘాట్‌లో గతుకుల దగ్గర ప్లాస్టిక్ కాలిన వాసన మొదలైంది. కాసేపటికి డ్యాష్‌బోర్డు కింద నుంచి పొగ. పక్కకి ఆపి బానెట్ ఎత్తేసరికి ఆంప్‌కి వెళ్లే ఎర్ర వైరు పైతొడుగు కరిగి కారుతోంది. మా బావ చటుక్కున 10 నంబరు పానాతో బ్యాటరీ నెగెటివ్ ఊడదీయబట్టి సరిపోయింది. వెనక సీట్లో అక్క, పిల్లలు ఉన్నారు.

అప్పుడు గమనించిన సంగతి ఏమిటంటే, ఆంప్ మీదున్న ఫ్యూజులు రెండూ బాగానే ఉన్నాయి. డిక్కీలో ఆంప్ పక్కన పెద్ద ఫ్యూజ్ హోల్డర్ కూడా ఉంది, అదీ కాలలేదు. మూడు ఫ్యూజులుండి ఒక్కటీ పని చేయలేదు!

పార్వతీపురంలో పెళ్లివారు చూపించిన ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర బండి పెట్టాం. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "ఫ్యూజు డిక్కీలో ఎందుకు పెట్టారు బాబూ?" అప్పుడు అర్థమైంది. కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరి ఐదు మీటర్లు ప్రయాణించి డిక్కీ చేరుతుంది. వైరు మధ్యలో ఎక్కడైనా కారు బాడీకి తగిలితే ఆ కరెంటు అక్కడి నుంచే బాడీలోకి దిగిపోతుంది, డిక్కీ దాకా పోదు. కాబట్టి డిక్కీలో ఉన్న ఫ్యూజుకి విషయమే తెలీదు. బ్యాటరీ మాత్రం వందల ఆంపియర్లు తోసేస్తూ ఉంటుంది. ఆంప్ మీదుండే ఫ్యూజులు ఆంప్ కోసం. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు వైరు కోసం. అది బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపు, వైరు ఏ రేకునీ దాటకముందే ఉండాలి.

మా వైరు రాసుకున్న చోటు కూడా దొరికింది. ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య రేకులో రంధ్రం కొట్టి, రబ్బరు బుష్ లేకుండా వైరు దూర్చారు. రెండు నెలలు ఆ అంచు మీద ఒరుసుకుని తొడుగు తెగింది.

సరే, అదే హోల్డర్ ముందుకి జరిపితే చాలు కదా అన్నాను. చాలదన్నాడు. కిట్‌లో వచ్చిన ఫ్యూజు 80 ఆంపియర్లది. ఆయన వైరు ముక్క కోసి తొడుగు ఒలిచాడు. పైన '4 గేజ్' అని అచ్చు ఉంది. లావంతా ప్లాస్టిక్కే, లోపల 10 గేజ్ పాటి సన్న తీగ. ఒక పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనబడింది, అంటే రాగి పూత వేసిన అల్యూమినియం. అంతే లావు రాగితో పోలిస్తే అది కరెంటు మోసేది మూడింట రెండు వంతులే. అలాంటి తీగకి 80 ఆంపియర్ల ఫ్యూజు పెడితే ముందు తీగే కాలుతుంది.

మరి ఎంత ఫ్యూజు? డబ్బా మీద 1500 వాట్లని ఉంది, దాన్ని పట్టించుకోకండి. ఆంప్ మీద రెండు 20 ఆంపియర్ల ఫ్యూజులున్నాయి, మొత్తం 40. ఇంజిన్ నడుస్తుంటే 13.8 వోల్టులు, అంటే లోపలికి పోయేది గట్టిగా 550 వాట్లు. నాది పాత తరహా ఏబీ క్లాస్ ఆంప్, అందులో అరవై శాతం స్పీకరుకి చేరితే గొప్ప. 330 వాట్లన్నమాట. 1500 ఎక్కడి నుంచి వచ్చిందో ఆ డబ్బా అచ్చు వేసినవాడికే తెలియాలి. ఆయన 8 గేజ్ అసలు రాగి వైరు లాగి, బ్యాటరీ పక్కనే 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు. రేకు దగ్గర రబ్బరు బుష్, మిగతా దారంతా ముడతల గొట్టం.

కొత్త వైరు వేసినా ఈల పోలేదు. అప్పుడు ఎర్త్ చూశాడు. షాపువాళ్లు నల్ల వైరుని డిక్కీలో పెయింటు మీదే ఒక రేకు స్క్రూతో బిగించారు. పెయింటు కరెంటుని పోనివ్వదు, ఆ స్క్రూ మరల దగ్గర కొంచెం తగిలి ఏదో నడుస్తోంది. ఆంప్‌కి సరైన ఎర్త్ లేకపోతే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది, స్టీరియో నుంచి ఆంప్‌కి పాట తెచ్చే ఆర్‌సీఏ కేబుల్ లోపలి తీగల జాలీ గుండా స్టీరియోలోకి. ఈల అక్కడి నుంచే.

దీన్ని పట్టుకోవడానికి ఆయన చేసింది మీరూ చేయొచ్చు. మల్టీమీటరుని డీసీ వోల్టుల్లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి, బేస్ గట్టిగా పెట్టి, ఒక ప్రోబ్ బ్యాటరీ నెగెటివ్ మీద, ఇంకోటి ఆంప్ నెగెటివ్ టెర్మినల్ మీద ఆనించాలి. ప్రోబు వైరు చాలకపోతే ఏదైనా వైరు ముక్క కలుపుకోండి. మాకు 1.4 వోల్టులొచ్చింది. అంత వోల్టేజీ ఆ స్క్రూ దగ్గరే పోతోంది, ఎర్ర లైటు వెలగడానికి అదే కారణం. ఓమ్‌లు చూస్తే ఇది బయటపడదు. మామూలు మీటర్లో రెండు ప్రోబులూ కలిపినా 0.2, 0.3 చూపిస్తుంది, మనకి కావలసిన తేడా దానికంటే చిన్నది.

డిక్కీ నేల కింద పెట్రోల్ ట్యాంకు ఎంతవరకుందో ముందు పడుకుని చూసి, గట్టి రేకున్న చోట పెయింటు గీకి మెరిసే ఇనుము తేల్చాడు. రింగు లగ్గు, పళ్ల వాషరు, బోల్టూ నట్టూ. నల్ల వైరు కూడా ఎర్రదాని లావే, పొడవు మాత్రం జానెడున్నర. బిగించాక తుప్పు పట్టకుండా పైన పెయింటు కొట్టాడు. సీటు బెల్టు బోల్టు ఖాళీగా కనిపిస్తోంది కదా అని నేనంటే తిట్టినంత పని చేశాడు, అది ప్రాణాలు పట్టుకునే బోల్టు, దాన్ని కదపకూడదని. మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు. ఈల పోయింది, ఫిల్టరు అవసరమే పడలేదు. మొత్తం 3,200 అయింది.

రాయగడ షాపువాడు మాత్రం "వైరింగ్‌కి వారంటీ లేదు" అన్నాడు. నా చేతిలో ఉన్నది తెల్లకాగితం మీద రాసిచ్చిన మొత్తం ఒక్కటే, వైరు గేజ్ గానీ ఫ్యూజు గానీ అందులో లేవు. ఆ కాగితంతో నేనేం వాదించగలను? మీరు వైరు గేజ్, రాగో అల్యూమినియమో, ఫ్యూజు ఎన్ని ఆంపియర్లో బిల్లులో రాయించుకోండి. డెలివరీ రోజు బానెట్ ఎత్తి ఫ్యూజు చూపించమనండి. అది తీయించి డిక్కీలో ఎర్ర వైరు కొసన మీటరు పెడితే సున్నా రావాలి.

కాలిన వైరు ముక్క ఇంకా నా డిక్కీలోనే ఉంది. ఊళ్లో ఎవరైనా ఈ వారంలో పెట్టించుకోబోతుంటే చెప్పండి, షాపుకి పట్టుకెళ్లి చూపిద్దురుగాని.